కొనుగోలు, అమ్మకం రిజిస్టర్ల నుంచి నెల జీఎస్టీ లెక్క: ఒకే నెలకు మూడు అంకెలు ఎందుకొచ్చాయి?

ప్రశ్న: తెనాలిలో మాకు స్టీలు సామాన్లు, మిక్సీలు అమ్మే షాపు ఉంది. ఈ మధ్యే నాన్న దగ్గర్నుంచి పద్దులు నా చేతికొచ్చాయి. నెలనెలా రిటర్న్ వేస్తాం. 2025 నవంబరుకి అమ్మకాల రిజిస్టర్ ప్రకారం టాక్స్ 67,900, కొనుగోళ్ళ రిజిస్టర్ ప్రకారం 66,600 వచ్చింది. పోర్టల్లో GSTR-2B కూడా సరిగ్గా 66,600 చూపిస్తోంది. అంటే 1,300 కడితే చాలు కదా? ఆడిటర్ గారు 6,700 అంటున్నారు. నేనే పోర్టల్లో అంకెలు వేసి చూస్తే 16,300 వచ్చింది. ఏది నిజం? రిజిస్టర్లు, 2B, ఖర్చుల పుస్తకం ఫొటోలు పెట్టాను. ఇంకా ఫైల్ చేయలేదు, టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

6,700 కట్టండి. మీ ఆడిటర్ గారి లెక్క కరెక్టు. అయితే మీరు చేసిన కూడికలో, తీసివేతలో కూడా తప్పు లేదు. 1,300కీ 6,700కీ తేడా ఒక కారణం వల్ల వచ్చింది, 16,300 ఇంకో కారణం వల్ల వచ్చింది. ఈ రెండు కారణాలకీ సంబంధం లేదు. విడివిడిగా చెప్తాను.

ముందు అమ్మకాల సంగతి తేల్చేద్దాం, అక్కడ మీరు బాగానే రాశారు. కౌంటర్ బిల్లులు టాక్స్ కలిపిన ధరకే కొడతారు కాబట్టి టాక్స్‌ని వెనక్కి తీయాలి. మీ 5 శాతం స్టీలు సామాన్ల కౌంటర్ అమ్మకం మొత్తం 4,41,000. దాన్ని 105తో భాగించి 100తో గుణిస్తే అసలు విలువ 4,20,000, టాక్స్ 21,000. మిక్సీలు 2,36,000కి అమ్మారు. 118తో భాగిస్తే అసలు విలువ 2,00,000, టాక్స్ 36,000. కొత్తగా పద్దులు పట్టుకున్నవాళ్ళు చాలామంది ఇక్కడే 2,36,000 మీద నేరుగా 18 శాతం వేసి 42,480 రాస్తారు. ప్రభుత్వం అడగని 6,480 రూపాయలు చేతి నుంచి పోతాయి. మీరు అలా చేయలేదు.

దానికి హోటళ్ళకు, కేటరింగ్ వాళ్ళకు జీఎస్టీ నంబరుతో వేసిన బిల్లులు కలిపారు: 5 శాతంలో 60,000, 18 శాతంలో 40,000. హోటల్ వాళ్ళు వెనక్కిచ్చిన 10,000 విలువ గల మిక్సీకి క్రెడిట్ నోట్ వేసి 18 శాతం వరసలోంచి తీసేశారు. హైదరాబాదు కేటరర్‌కి పంపిన 50,000 సరుకు మీద 2,500 ఐజీఎస్టీ విడిగా రాశారు. అన్నీ కలిపితే సీజీఎస్టీ 32,700, ఎస్‌జీఎస్టీ 32,700, ఐజీఎస్టీ 2,500. మొత్తం 67,900. డబ్బు ఇంకా చేతికి రాని అప్పు బిల్లులు కూడా ఇందులో ఉన్నాయి. టాక్స్ బిల్లు మీద పడుతుంది, వసూలు మీద కాదు కాబట్టి అవి ఉండాల్సిందే.

సామాన్లు వెనక్కి వచ్చినప్పుడు మాత్రం కొన్నాళ్ళు జాగ్రత్తగా ఉండండి. స్టీలు సామాన్ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం పోయి 5 శాతం వచ్చింది. ఆగస్టులో 12 శాతంతో అమ్మిన గిన్నెల సెట్టు ఇప్పుడు తిరిగొస్తే, క్రెడిట్ నోట్ కూడా 12 శాతంతోనే వేయాలి, ఎందుకంటే అది పాత బిల్లును సరిదిద్దే కాగితం. అందుకే రిజిస్టర్లో 12 శాతం గడి అప్పుడే కొట్టేయకండి.

ఇప్పుడు కొనుగోళ్ళకి వద్దాం. తిరకాసంతా ఇక్కడే ఉంది.

మీ పుస్తకంలో 66,600, 2Bలో 66,600. టాలీ అయిందని మీరు సంబరపడ్డారు, అందులో వింతేమీ లేదు. 2B అంటే ఏమిటో గుర్తుచేసుకోండి. మీకు సరుకు అమ్మినవాళ్ళు తమ GSTR-1లో మీ నంబరు మీద చూపించిన బిల్లుల జాబితా అది. ప్రతి నెలా 14న తయారవుతుంది. ఆ జాబితాలో మీ పుస్తకంలో లేని బిల్లు ఉండొచ్చు, మీ పుస్తకంలో ఉన్న బిల్లు లేకపోవచ్చు. రెండూ ఒకే నెలలో ఒకే మొత్తానికి జరిగితే పైన మొత్తాలు కలిసిపోతాయి. మీకు జరిగింది అదే. ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని బిల్లు బిల్లు చూస్తే పది నిమిషాల్లో దొరికింది.

మీ పుస్తకంలో విజయవాడ హోల్‌సేల్ వాళ్ళ మిక్సీల బిల్లు ఒకటుంది. విలువ 30,000, టాక్స్ 5,400. అది 2Bలో ఎక్కడా లేదు. 2Bలో మీ పుస్తకంలో లేని బిల్లు ఒకటుంది. అది గుంటూరు షోరూమ్‌లో కొన్న ఫ్రిజ్. విలువ 30,000, టాక్స్ 5,400. ఇంటికి ఫ్రిజ్ కొన్నప్పుడు షాపు జీఎస్టీ నంబరు ఇచ్చి ఉంటారు. కొనుగోళ్ళ రిజిస్టర్లో మీరు దాన్ని రాయలేదు, రాయకపోవడం సరైనదే. కానీ పోర్టల్‌కి అది మీ ఇంటి ఫ్రిజ్ అని తెలియదు కదా, మీ ఖాతాలో వేసేసింది.

ఈ రెండు బిల్లులకీ చేయాల్సింది వేర్వేరు.

ఫ్రిజ్ బిల్లు మీద ఇన్‌పుట్ ఎప్పటికీ రాదు. సొంత వాడకానికి కొన్నవాటి మీద క్రెడిట్ లేదని సెక్షన్ 17(5) చెప్తుంది. GSTR-3Bలో 4(A)(5) గడిలో 2B నుంచి 66,600 దానంతట అదే వచ్చి కూర్చుంటుంది, అందులో ఫ్రిజ్ కూడా ఉంటుంది. ఆ గడిలో అంకె తగ్గించకుండా, కింద 4(B)(1)లో సీజీఎస్టీ 2,700, ఎస్‌జీఎస్టీ 2,700 వేసి వెనక్కి తీయండి. పైన తీసుకుని కింద వదిలేసినట్టు కాగితం మీద కనపడాలి. మన నంబరు మీద పడిన బిల్లులను ఒప్పుకోవడానికో రిజెక్ట్ చేయడానికో పోర్టల్లో ఉన్న ఐఎంఎస్‌లో ఆ బిల్లును రిజెక్ట్ చేస్తే పోదా అని కొందరు అడుగుతారు. నేను చేయను. రిజెక్ట్ అన్నది మనది కాని బిల్లు మన నంబరు మీద పడినప్పటి కోసం. ఇది మీరు నంబరిచ్చి వేయించుకున్న బిల్లే. ఇకమీదట ఇంటి వస్తువులకు షాపు నంబరు ఇవ్వకపోతే ఈ పనే ఉండదు.

విజయవాడ బిల్లు వేరే రకం. సరుకు మీ గోడౌన్‌లో ఉంది, బిల్లు చేతిలో ఉంది, బహుశా డబ్బు కూడా ఇచ్చేసి ఉంటారు. అయినా ఈ నెల ఇన్‌పుట్ రాదు. 2022 జనవరి 1 నుంచి అమ్మినవాళ్ళు చూపించి, అది మన 2Bలోకి వస్తేనే క్రెడిట్. అంతకుముందు కొంత శాతం వెసులుబాటు ఉండేది, ఇప్పుడు లేదు. కాబట్టి 66,600లోంచి 5,400 తీస్తే ఈ నెల మీకు వచ్చే ఇన్‌పుట్ 61,200. 67,900లోంచి 61,200 తీసేయండి. 6,700. ఆడిటర్ గారి అంకె ఇదే.

ఆ బిల్లు ఎందుకు రాలేదో మీరే తెలుసుకోవచ్చు. పోర్టల్లో లాగిన్ కూడా అక్కర్లేదు, `Search Taxpayer`లో వాళ్ళ జీఎస్టీ నంబరు కొట్టి రిటర్న్‌ల పట్టిక తెరవండి. నెలనెలా వేసేవాళ్ళయితే నవంబరు GSTR-1 డిసెంబరు 11 లోపు వేయాలి. వేసిన తేదీ ఆ గడువు దాటి ఉంటే బిల్లు వచ్చే నెల 2Bలోకి వస్తుంది. అసలు వేయకపోతే ఫోన్ చేయాల్సిందే. సకాలంలో వేసి కూడా మీ బిల్లు లేదంటే, నంబరు లేని కౌంటర్ అమ్మకంలోనో, ఇంకొకరి నంబరు మీదో రాసి ఉంటారు. ఇది ముదిరితే చిక్కు, వెంటనే సరిచేయించుకోవాలి.

నాలుగో సంగతే చిన్న హోల్‌సేల్ వాళ్ళ దగ్గర ఎక్కువ చూస్తాం. 5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవాళ్ళు మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. అలాంటివాళ్ళు మధ్య నెలల్లో ఐఎఫ్ఎఫ్ అనే సదుపాయంతో 13వ తేదీ లోపు బిల్లులు ఎక్కించవచ్చు, కానీ అది తప్పనిసరి కాదు. మీ విజయవాడ వాళ్ళు ఆ పద్ధతిలో ఉండి నవంబరు బిల్లులు ఎక్కించకపోతే, అవి అక్టోబరు-డిసెంబరు త్రైమాసికపు GSTR-1లో జనవరి 13 లోపు వస్తాయి. మీకు డిసెంబరు 2Bలో, అంటే జనవరి 14న కనపడతాయి. అది ఎగ్గొట్టడం కాదు, ఆలస్యం మాత్రమే. అలాంటివాళ్ళ దగ్గర కొనేటప్పుడే ఐఎఫ్ఎఫ్ వేస్తారా అని అడిగేయండి. వేయం అని వాళ్ళంటే, సరుకు విలువ ఇచ్చి టాక్స్ మొత్తాన్ని 2Bలో కనపడ్డాక ఇస్తానని చెప్పే షాపులు మా వైపు చాలా ఉన్నాయి. మొదట్లో ముఖం మాడ్చుకుంటారు గానీ తర్వాత అలవాటు పడతారు.

ఈ బిల్లు బిల్లు చూడటం ఎక్సెల్లో చేసుకోండి, చేత్తో వద్దు. 2Bని ఎక్సెల్‌గా దించుకుని దాన్ని `2B` అని పేరు పెట్టిన ఒక షీట్లో, మీ కొనుగోళ్ళను అదే ఫైల్లో ఇంకో షీట్లో పెట్టండి. రెండిట్లోనూ A గడిలో జీఎస్టీ నంబరు, B గడిలో బిల్లు నంబరు, E గడిలో టాక్స్ మొత్తం ఉండేలా సర్దుకోండి. మీ కొనుగోళ్ళ షీట్లో పక్కన ఇది వేయండి:

```
=COUNTIFS('2B'!A:A,A2,'2B'!B:B,B2)
```

1 వస్తే బిల్లు దొరికినట్టు, 0 వస్తే దొరకనట్టు. మొదటిసారి చేసినప్పుడు సగం బిల్లులకు 0 వచ్చి గుండె గుభేలుమంటుంది. కంగారు పడకండి. వాళ్ళు `VJ/125/25-26` అని వేసిన నంబరును మన కుర్రాడు 125 అని రాసి ఉంటాడు. 0 వచ్చిన వాటికి మాత్రం బిల్లు నంబరు వదిలేసి టాక్స్ మొత్తంతో ఇంకోసారి వెతకండి:

```
=COUNTIFS('2B'!A:A,A2,'2B'!E:E,E2)
```

అప్పటికీ 0 వచ్చినవే నిజంగా లేనివి. ఇదే పని 2B షీట్ నుంచి మీ పుస్తకం వైపు కూడా చేయాలి. ఈ రెండోది చాలామంది చేయరు, అందుకే ఫ్రిజ్‌లు దొరకవు. రెండు వైపులా చేస్తే మంచి సంగతులు కూడా దొరుకుతాయి. బ్యాంకు చార్జీల మీద వేసిన జీఎస్టీ, షాపు ఇంటర్నెట్ బిల్లు మీది, మనం పుస్తకంలో రాయం గానీ క్రెడిట్ వచ్చేవే.

నేను కూడా ఒకప్పుడు మొత్తాలే చూసేవాణ్ణి. పాత వ్యాట్ రోజుల్లో నెలనెలా వ్యాట్ 200 ఫారం నింపిన చెయ్యి ఇది. అమ్మకం మీది, కొనుగోలు మీది, రెండు అంకెలు తీసేస్తే సరిపోయేది. జీఎస్టీ వచ్చిన మొదటి రెండేళ్ళలో ఒక షాపుకి అదే అలవాటుతో చేశాను. యజమాని ఇంటికి కొన్న టీవీ, సోఫా మీది క్రెడిట్ వాడేసుకున్నాం. నోటీసు వచ్చాక 18 శాతం వడ్డీతో కట్టాల్సి వచ్చింది. మొత్తం పెద్దది కాదు గానీ, ఆయన ముందు తల వంచుకుని కూర్చోవడం గుర్తుంది.

ఇంకో సంగతి మీరు అడగలేదు గానీ ఖర్చుల పుస్తకంలో కనపడింది. షాపు అద్దె నెలకు 15,000 ఇస్తున్నారు, యజమాని జీఎస్టీ బిల్లు ఇవ్వడం లేదు. ఆయనకు జీఎస్టీ నంబరు ఉంటే టాక్స్ ఆయనే వేయాలి. లేకపోతే 2024 అక్టోబరు 10 నుంచి ఆ అద్దె మీద 18 శాతం మీరే కట్టాలి, దీన్నే రివర్స్ చార్జ్ అంటాం. 15,000 మీద 2,700, అంటే సీజీఎస్టీ 1,350, ఎస్‌జీఎస్టీ 1,350. ఇది అమ్మకాల రిజిస్టర్లోనూ ఉండదు, కొనుగోళ్ళ రిజిస్టర్లోనూ ఉండదు, 2Bలోనూ రాదు, ఎందుకంటే అవతలి మనిషికి నంబరే లేదు. అందుకే రెండు రిజిస్టర్ల మీద ఆధారపడే ప్రతి చిన్న షాపులోనూ ఇది జారిపోతుంది.

దీన్ని 3.1(d)లో అప్పుగా చూపించి, 4(A)(3)లో అదే 2,700 ఇన్‌పుట్‌గా తీసుకోవచ్చు. నెల చివర మొత్తం మారదు, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే. కానీ ఇచ్చేది మాత్రం నగదుగానే ఇవ్వాలి, ఖాతాలో ఎంత క్రెడిట్ ఉన్నా దానితో సర్దడం కుదరదు. అద్దెకి మీరే మీ పేరు మీద ఒక బిల్లు రాసి ఫైల్లో పెట్టుకోవాలి. ఆడిటర్ గారి 6,700లో ఇది కలిపారో లేదో మొత్తం చూసి చెప్పలేం, రెండు విధాలుగానూ 6,700 వస్తుంది. 3.1(d) గడి చూపించమని అడగండి. ఖాళీగా ఉంటే ఈ నెల నుంచి వేయించండి, పాత నెలల సంగతి కూడా ఆయనతో కూర్చుని తేల్చుకోండి. సరుకు తెచ్చే లారీ ఆఫీసు వాళ్ళు బిల్లులో టాక్స్ వేయకపోతే ఆ కిరాయి మీద కూడా ఇలాంటి లెక్కే ఉంటుంది, శాతం మాత్రం 5. మీ ఫొటోల్లో చెన్నై, కోయంబత్తూరు సరుకు వాళ్ళ ఖర్చుతోనే డెలివరీ అయినట్టుంది కాబట్టి ఈ నెలకు అది లేదు.

ఇక 16,300 సంగతి. ఇది క్రెడిట్ ఎంతన్న ప్రశ్న కాదు, ఉన్న క్రెడిట్‌ని ఎక్కడ వాడారన్న ప్రశ్న.

మీ కొనుగోళ్ళలో సగానికి పైగా చెన్నై నుంచి, కోయంబత్తూరు నుంచి వస్తున్నాయి. వాళ్ళ నంబర్లు 33తో మొదలవుతాయి, మనవి 37తో. అంకెలు వేరైతే బిల్లు మీద ఐజీఎస్టీ పడుతుంది. చెన్నై స్టీలు 3,00,000 మీద 15,000, కోయంబత్తూరు మిక్సీలు 1,20,000 మీద 21,600, కలిపి 36,600. మీ అమ్మకాలేమో దాదాపు అన్నీ ఇక్కడివే. అంటే క్రెడిట్ ఒక జేబులో ఉంది, అప్పు వేరే రెండు జేబుల్లో ఉంది.

రూలు ఇలా ఉంటుంది. ఐజీఎస్టీ క్రెడిట్‌తో ముందు ఐజీఎస్టీ అప్పు తీర్చాలి. మిగిలింది సీజీఎస్టీకి, ఎస్‌జీఎస్టీకి ఏ నిష్పత్తిలోనైనా పంచుకోవచ్చు. ఆ ఐజీఎస్టీ అంతా అయిపోయాకే మిగతా రెండు క్రెడిట్లు ముట్టుకోవాలి. సీజీఎస్టీ క్రెడిట్ ఎస్‌జీఎస్టీకి పనికిరాదు, అటు నుంచి ఇటు కూడా కుదరదు.

మీరు ఏం చేశారంటే, 36,600లోంచి 2,500 పోగా మిగిలిన 34,100లో 32,700ని సీజీఎస్టీలోకి తోసేశారు. సీజీఎస్టీ అప్పు సున్నా అయింది. మిగిలిన 1,400 ఎస్‌జీఎస్టీకి వెళ్ళింది. దానికి మీ ఎస్‌జీఎస్టీ క్రెడిట్ 15,000 తోడైనా ఇంకా 16,300 తక్కువ పడింది. అదే పోర్టల్ అడిగిన నగదు. మరోపక్క మీ సీజీఎస్టీ క్రెడిట్ 15,000 వాడకుండా అలాగే ఉండిపోయింది, ఎస్‌జీఎస్టీకి అది పనికిరాదు కాబట్టి. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, వచ్చే నెలకు వెళ్తుంది. కానీ ఈ నెల 15,000 జేబులోంచి ఊరికే పెట్టినట్టు. చిన్న షాపుకి అది ఒక చిన్న లోడు సరుకు.

సరిగ్గా చేయాలంటే, సీజీఎస్టీకి ఎంత తక్కువ పడుతుందో, ఎస్‌జీఎస్టీకి ఎంత తక్కువ పడుతుందో ముందు కాగితం మీద రాసుకుని ఐజీఎస్టీని ఆ రెండు లోటుల మధ్య పంచాలి. మీ షాపులో రెండు లోటులూ సమానం కాబట్టి సగం సగం. ఫ్రిజ్ తీసేసి, అద్దె కలిపి, విజయవాడ బిల్లు లేకుండా అసలు లెక్క ఇదిగో:

| | ఐజీఎస్టీ | సీజీఎస్టీ | ఎస్‌జీఎస్టీ |
|---|---|---|---|
| అమ్మకాల మీద టాక్స్ | 2,500 | 32,700 | 32,700 |
| 2B ప్రకారం ఇన్‌పుట్ | 36,600 | 15,000 | 15,000 |
| ఫ్రిజ్ వెనక్కి | – | 2,700 | 2,700 |
| అద్దె మీది ఇన్‌పుట్ | – | 1,350 | 1,350 |
| వాడుకోగల ఇన్‌పుట్ | 36,600 | 13,650 | 13,650 |
| ఐజీఎస్టీ క్రెడిట్ వాడకం | 2,500 | 17,050 | 17,050 |
| సొంత క్రెడిట్ వాడకం | – | 13,650 | 13,650 |
| నగదు | 0 | 2,000 | 2,000 |
| అద్దె రివర్స్ చార్జ్ నగదు | – | 1,350 | 1,350 |

నగదు మొత్తం 4,000, అద్దె మీద 2,700. కలిపి 6,700. చలానా కట్టేటప్పుడు సీజీఎస్టీ కింద 3,350, ఎస్‌జీఎస్టీ కింద 3,350 వేయండి. మొత్తం 6,700 ఒకే హెడ్ కింద వేస్తే మళ్ళీ ఇంకో ఫారంతో అటు ఇటు మార్చుకోవాల్సి వస్తుంది.

పట్టికలో 2B వరస చూస్తే 15,000, 15,000 అని ఉంది, మీ పుస్తకంలోనూ అవే అంకెలు. కానీ వాటి లోపల ఉన్న బిల్లులు వేరు. మీ పుస్తకంలోని 15,000లో విజయవాడ బిల్లు ఉంది, పోర్టల్ 15,000లో ఫ్రిజ్ ఉంది. రెండిట్లోంచీ ఆ బిల్లులు తీసేస్తే 12,300 మిగులుతుంది, దానికి అద్దె 1,350 కలిస్తే 13,650. నెలనెలా ఈ ఒక్క కాగితం మీరు తయారుచేసుకుంటే ఆడిటర్ గారి దగ్గరికి వెళ్ళినప్పుడు మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. లేకపోతే ఆయన చెప్పిన అంకె కట్టి రావడమే.

నెల చివర వచ్చే ఇంకో చిక్కు కూడా ఇక్కడే చెప్తాను, వచ్చే నెల మీకు తగలొచ్చు. చెన్నై వాళ్ళు 29న బిల్లు వేస్తారు, లారీ మీ షాపు ముందు మూడో తేదీన ఆగుతుంది. బిల్లు ఈ నెల 2Bలో కనపడుతుంది, సరుకు మాత్రం రాలేదు. సరుకు చేతికొచ్చిన నెలలోనే ఇన్‌పుట్ తీసుకోవాలి. అలాంటి బిల్లును 4(B)(1)లో వేయకండి, అది శాశ్వతంగా వదులుకునే గడి. 4(B)(2)లో వేసి ఈ నెలకు ఆపండి, వచ్చే నెల 4(A)(5)లో కలిపి తీసుకుంటూ 4(D)(1)లో కూడా చూపించండి. ఫ్రిజ్‌ది 4(B)(1), లారీది 4(B)(2). ఈ రెండు గడులు తారుమారు చేసి వచ్చే క్రెడిట్‌ని చేజేతులా పోగొట్టుకున్న వాళ్ళను చూశాను.

విజయవాడ 5,400 విషయంలో ఇవేవీ అక్కర్లేదు. అది 2Bలోకే రాలేదు కాబట్టి వెనక్కి తీయడానికి ఏమీ లేదు. మీ పుస్తకంలో మాత్రం దాన్ని సరుకు ఖరీదులో కలిపేయకండి. "2Bలో రావాల్సినవి" అని ఒక పద్దు తెరిచి బిల్లు నంబరు, తేదీ, టాక్స్‌తో రాసి పెట్టండి. ప్రతి నెలా 14 తర్వాత కొత్త 2B దించగానే ముందు ఈ పద్దులో ఉన్నవాటినే వెతకండి. అది కనపడిన నెలలో 4(A)(5)లోకి దానంతట అదే వస్తుంది. అప్పుడు మీ నవంబరు పుస్తకం చూసి మళ్ళీ చేత్తో కలిపితే రెండుసార్లు తీసుకున్నట్టవుతుంది, కాబట్టి పద్దులో టిక్ పెట్టి ఊరుకోండి. ఈ ఆర్థిక సంవత్సరం బిల్లులకు క్రెడిట్ తీసుకునే గడువు 2026 నవంబరు 30. వార్షిక రిటర్న్ అంతకంటే ముందే వేస్తే గడువు ఆ రోజుతోనే అయిపోతుంది. అందుకే ఏ బిల్లూ ఆ పద్దులో మూడు నెలలు దాటి ఉండనివ్వకండి. దాటితే ఫోన్లు ఆపి నేరుగా విజయవాడ వెళ్ళి వాళ్ళ అకౌంటెంట్ పక్కన కూర్చోండి.

GSTR-3B గడువు 20. ఈ రోజు రాత్రికి ఫ్రిజ్ అంకె, అద్దె అంకె ఆడిటర్ గారికి పంపేయండి. రేపు చలానా కట్టేయవచ్చు.